పెళ్లి ఫోటోగ్రఫీ ధరల పేజీ: అపోహలు - వాస్తవాలు

సేవలు అందించే చిన్న సంస్థలకు వెబ్‌సైట్లు తయారు చేయడం నా వృత్తి. అందులో యజమానులు అన్నిటికంటే ఎక్కువగా సందేహించేది ధరల పేజీ దగ్గరే. పెళ్లి ఫోటో స్టూడియోల విషయంలో ఈ సందేహం మరీ ఎక్కువ, ఎందుకంటే ఏ రెండు పెళ్లిళ్లూ ఒకేలా జరగవు, ధర మాత్రం ముందే చెప్పాలి. అందుకే ఆ రంగాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇక్కడ ఇచ్చిన ధరలు లెక్క వివరించడానికి వేసుకున్నవే తప్ప మార్కెట్ రేట్లు కావు.

అపోహ: ధర కనబడితే జనం వెళ్లిపోతారు, కాబట్టి "ధర కోసం సంప్రదించండి" అని రాస్తే చాలు.

వాస్తవం: ధర చూసి వెళ్లిపోయేవారిలో చాలామంది ఫోన్ చేసినా అదే ధర విని వెళ్లిపోయేవారే. ధర లేని పేజీ వల్ల నష్టపోయేది మరో వర్గాన్ని: తమ బడ్జెట్‌కు సరిపోతుందో లేదో తెలియక, అడిగితే మొహమాటపడాల్సి వస్తుందని ఊరుకునేవారిని. మన ఇళ్లలో ఫోటోగ్రాఫర్‌ను ఒక్కరే నిర్ణయించరు. పెళ్లికూతురు పేజీని చూసి, స్క్రీన్‌షాట్ తీసి, ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. ఆ స్క్రీన్‌షాట్‌లో అంకె లేకపోతే అక్కడ చర్చకు ఆధారమే ఉండదు, ధర రాసి ఉన్న మరో స్టూడియో గురించి మాట్లాడుకుంటారు.

పని నిజంగా మారుతూ ఉంటే "60,000 రూపాయల నుంచి" అని రాయడంలో తప్పు లేదు, అయితే ఆ ధరకు ఏమి వస్తుందో పక్కనే చెప్పాలి, ఆ ధరకు నిజంగా కొనగలిగి ఉండాలి. దీనికి పరీక్ష సులువు. గత సీజన్ బిల్లులు తీసి చూడండి. ఆ ప్రారంభ ధరకు ఒక్కరు కూడా బుక్ చేసుకోకపోయి ఉంటే అది ధర కాదు, ఎర. చదివేవారు దాన్ని మొదటి ఫోన్ కాల్‌లోనే పసిగడతారు.

అపోహ: ప్యాకేజీలకు సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని పేర్లు పెట్టి, గంటలు రాసి, పక్కన టిక్కులు పెడితే స్పష్టత వచ్చేస్తుంది.

వాస్తవం: అసలు చిక్కు ఇక్కడే ఉంది. ధరల పేజీ చూసినవారు వెనకడుగు వేసేది చాలావరకు అంకె పెద్దదని కాదు, ఆ అంకె ఎక్కడితో ఆగుతుందో తెలియక. ప్యాకేజీకి హద్దు కొనేవారి మనసులో ఉన్న కొలతతో గీయాలి. "8 గంటల కవరేజీ" అన్నది స్టూడియో కొలత. పెళ్లివారి దగ్గర ఉండే కొలతలు వేరు: పెళ్లికూతురును చేయడం, మంగళస్నానాలు, ముహూర్తం, రిసెప్షన్, వ్రతం. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే సాయంత్రం ఎదుర్కోలుతో మొదలైన ఎనిమిది గంటలు జీలకర్ర బెల్లం దాకా కూడా రావు, అప్పగింతల సంగతి సరేసరి. అప్పుడు అదనపు గంటల లెక్క మొదలవుతుందని పెళ్లివారికి తెలుసు, ఎంతవుతుందో మాత్రం తెలియదు.

అందువల్ల ప్యాకేజీలను వేడుకల ప్రకారం విడదీయడం మంచిది. మొదటిది "పెళ్లి మాత్రమే", 60,000 రూపాయలు: ఎదుర్కోలు నుంచి అప్పగింతల వరకు, ఎన్ని గంటలైనా, ఒక ఫోటోగ్రాఫర్, ఒక వీడియోగ్రాఫర్, ఒక క్యాండిడ్ ఫోటోగ్రాఫర్, 40 షీట్ల ఆల్బమ్ ఒకటి. రెండవది "పెళ్లి, రిసెప్షన్", 95,000 రూపాయలు: మొదటి దానిలోని ప్రతిదీ, దానికి తోడు అదే బృందంతో రిసెప్షన్, మరో 20 షీట్లు, ఐదు నిమిషాల సినిమాటిక్ వీడియో. మూడవది "మంగళస్నానాల నుంచి వ్రతం వరకు", 1,60,000 రూపాయలు: రెండవ దానికి తోడు మిగిలిన వేడుకలు, డ్రోన్, రెండవ ఆల్బమ్.

ఇందులో గమనించాల్సింది మధ్యనున్న తేడాలు. 60,000కూ 95,000కూ మధ్య ఉన్న 35,000 దేనికోసమో చదివినవారు పక్కవారికి ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ప్యాకేజీల హద్దులు సరిగా గీయలేదని అర్థం. ఫోన్‌లో చూసేవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే కంప్యూటర్ తెర మీద పక్కపక్కన కనిపించే మూడు నిలువు వరుసలు ఫోన్‌లో ఒకదాని కింద ఒకటిగా మారిపోతాయి. మూడవ ప్యాకేజీ దగ్గరకు వచ్చేసరికి మొదటి దానిలోని టిక్కులు ఎవరికీ గుర్తుండవు. "పై ప్యాకేజీలోని ప్రతిదీ, దానికి తోడు" అనే పద్ధతి అందుకే పట్టికకంటే బాగా పనిచేస్తుంది.

లేనివి కూడా రాయాలి. ప్యాకేజీ ఒక వైపు వారికా, ఇరువైపుల వారికా అన్న మాట చాలా పేజీలలో ఉండదు. పెళ్లికొడుకు ఇంట్లో అదే సమయానికి జరిగే వేడుకకు రెండవ బృందం కావాలి. ఆ మాట పేజీలో లేకపోతే గొడవ పెళ్లి రోజున వస్తుంది.

అపోహ: ముందు తక్కువ ధర చూపించి, పన్నులూ ప్రయాణ ఖర్చులూ తర్వాత చెప్పవచ్చు.

వాస్తవం: జీఎస్టీ నమోదు ఉన్న స్టూడియో సాధారణంగా ఫోటోగ్రఫీ సేవ మీద 18 శాతం వసూలు చేయాలి. 95,000 మీద అది 17,100, కట్టాల్సింది 1,12,100. కంపెనీలకు సేవలందించేవారు పన్ను విడిగా చూపించినా ఇబ్బంది ఉండదు, ఆ కంపెనీ దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోగలదు. పెళ్లి చేసే తండ్రికి ఆ వెసులుబాటు లేదు, ఆయనకు ధర అంటే 1,12,100 మాత్రమే. కాబట్టి పెద్ద అక్షరాలలో ఆ మొత్తమే ఉండాలి. నమోదు లేని స్టూడియో జీఎస్టీ పేరుతో ఏమీ వసూలు చేయకూడదు.

ధరలో కొంత భాగాన్ని దాచి చివర్లో బయటపెట్టడాన్ని డ్రిప్ ప్రైసింగ్ అంటారు. కొనేవారిని మభ్యపెట్టే ఎత్తుగడలపై, అంటే డార్క్ ప్యాటర్న్స్‌పై, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న తెచ్చిన మార్గదర్శకాలలో నిషేధించిన 13 పద్ధతులలో ఇది ఒకటి. లేని తొందర సృష్టించడం కూడా ఆ జాబితాలో ఉంది. ఏడాది పొడవునా "ఈ వారం మాత్రమే" అని వేలాడే ఆఫర్లు పెట్టేవారు ఆ సంగతి తెలుసుకోవడం మంచిది.

ప్రయాణ ఖర్చుకు ఒక గీత గీస్తే చాలు: ఊరి నుంచి 50 కిలోమీటర్ల వరకు ధరలోనే, ఆపైన కిలోమీటరుకు ఇంత, రాత్రి బస పెళ్లివారిది.

అపోహ: పక్కన ఖరీదైన ప్యాకేజీ ఒకటి పెడితే అందరూ మధ్యది కొంటారు.

వాస్తవం: దీనికి పరిశోధనల ఆధారం కొంత ఉంది. ఎంపికల జాబితాలో మరొకటి చేర్చితే మిగిలిన వాటి మీద మొగ్గు మారుతుందని హ్యూబర్, పేన్, ప్యూటో అనే పరిశోధకులు 1982లో చూపించారు. రెండు కొసలనూ వదిలి మధ్యదాన్ని ఎంచుకునే ధోరణిని ఆ తర్వాత సైమన్సన్ అనే మరో పరిశోధకుడు వివరించారు. కానీ ఆ ప్రయోగాలలో వస్తువుల గుణాలు స్పష్టంగా పోల్చేలా ఉన్నాయి. పెళ్లి ఫోటోల విషయంలో రిసెప్షన్ లేనివారికి "పెళ్లి, రిసెప్షన్" మధ్యలో ఉన్నంత మాత్రాన అవసరం పుట్టదు. మధ్యలో ఉండాల్సింది మీ దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమందికి నిజంగా కావలసినది. అదేమిటో కూడా పాత బిల్లులే చెబుతాయి. ఎవరూ కొనని మూడు లక్షల ప్యాకేజీని అలంకారంగా పెడితే, కొందరు ఆ ఒక్క అంకె చూసి ఈ స్టూడియో మన స్థాయిది కాదనుకుని పేజీ మూసేస్తారు.

పేజీ మార్చిన తర్వాత ఎన్ని ఫోన్లు వచ్చాయన్నదానికంటే ఆ ఫోన్లలో ఏమి అడుగుతున్నారన్నది రాసుకోండి. "ఇందులో ఆల్బమ్ ఉందా", "జీఎస్టీ కలిపేనా" అని ఇంకా అడుగుతుంటే, ఆ ప్రశ్నకు జవాబు పేజీలో ధర పక్కన లేదన్నమాట. "ఫలానా తేదీ ఖాళీగా ఉందా" అన్నది మొదటి ప్రశ్న అయితే, ధర చూసి, ఇంట్లో మాట్లాడుకున్న తర్వాతే వారు ఫోన్ చేశారు.