వేడి పెంచితే కుదుళ్లు లేవవు: రౌండ్ బ్రష్ బ్లో డ్రైపై అపోహలు – వాస్తవాలు

"అక్కా, మీరు చేస్తే రోజంతా ఉంటుంది, నేను చేసుకుంటే గుమ్మం దాటేలోపు పడిపోతుంది. నా డ్రయర్‌లో వేడి చాలడం లేదేమో, ఎక్కువ వాట్స్‌ది కొననా?" విజయవాడలోని మా పార్లర్‌లో ఈ మాట వినని వారం ఉండదు. అడిగేది ఎక్కువగా భుజాల దాకా జుట్టున్నవాళ్లే. కొసలు బాగానే తిరుగుతాయి, నెత్తిమీద మాత్రం జుట్టు అతుక్కుపోయి ఉంటుంది. దాంతో ఇంకా వేడి, ఇంకా దగ్గరగా, ఇంకాసేపు పెడతారు. కొన్నాళ్లకు కొసలు పీచులా తయారవుతాయి, కుదుళ్లు మాత్రం ఎక్కడివక్కడే. అందుకే ముందు ఈ ఒక్క అపోహ గురించి తీరిగ్గా చెప్తాను. మిగతావి తర్వాత.

అపోహ: వేడి ఎంత ఎక్కువ తగిలితే వాల్యూమ్, అంటే నెత్తిమీద జుట్టు ఎత్తు, అంత ఎక్కువ వస్తుంది.

వాస్తవం: వేడి చేసే పని తడిని లాగేయడం, జుట్టును వంగేలా చేయడం. ఆ ఆకారం నిలిచేది జుట్టు చల్లారినప్పుడు. జుట్టు కెరటిన్ అనే ప్రొటీన్. దాని లోపల హైడ్రోజన్ బంధాలు ఉంటాయి. నీళ్లు తగిలితే అవి విడిపోతాయి, ఆరి చల్లబడేటప్పుడు మళ్లీ కలుస్తాయి. కలిసేటప్పుడు వెంట్రుక ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమే నిలుస్తుంది. కుదురు నిలబడి ఉండగా ఆరి చల్లారితే నిలబడే ఉంటుంది. మాడుకు అతుక్కుని ఆరితే అలాగే పడి ఉంటుంది. ఇస్త్రీ చేసిన కాటన్ చీరను వేడి మీదే నలిపితే ఏమవుతుందో, వేడిగా ఉన్న పాయను బ్రష్ నుంచి లాగేసి వదిలితే అదే అవుతుంది.

అంటే రెండే షరతులు. కుదురు పూర్తిగా ఆరాలి. బ్రష్ మీద ఉండగానే చల్లారాలి. ఇంట్లో చేసుకునేవాళ్లు సాధారణంగా ఈ రెండూ దాటేస్తారు, పైగా నింద డ్రయర్ మీద వేస్తారు.

ఆ మధ్య బ్యాంకులో పనిచేసే ఒకావిడ వచ్చారు. సన్నటి తిన్నని జుట్టు, భుజాల దాకా కత్తిరింపు, ఏళ్ల తరబడి ఒకే నడి పాపిడి. అన్నగారి అమ్మాయి రిసెప్షన్ దగ్గర పడింది, టెన్షన్ పడుతున్నారు. ఇంట్లో ఎలా చేసుకుంటారో నా ముందే చేసి చూపించమన్నాను. నీళ్లు కారుతున్న జుట్టుతోనే రౌండ్ బ్రష్ అందుకున్నారు. డ్రయర్ మూతికి తగిలించే నాజిల్ ఎప్పుడో తీసి పక్కన పడేశారట. ముందువైపు నుంచి అరచేయి వెడల్పు పాయ తీసుకుని, బ్రష్‌ను కిందికి లాగుతూ డ్రయర్‌ను దాదాపు ఆనించి పెట్టారు. పాయ పైభాగం కరకరలాడేంత వేడెక్కింది. అప్పుడు నేను వేలు పెట్టి కుదుళ్లు తాకాను. చల్లగా, తడిగా ఉన్నాయి.

ఈ వేలి పరీక్ష నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. వేడి గాలి తగులుతున్నప్పుడు కుదురు చల్లగా ఉంటే, అక్కడ తడి ఇంకా ఆవిరవుతోందని అర్థం. వేడి పట్టేసిందంటే ఆరిందన్నమాట. ఆరాక కూల్ షాట్, అంటే డ్రయర్‌లోని చల్లగాలి, ఇచ్చి మళ్లీ తాకండి. ఇప్పుడు చల్లగా ఉంటేనే సెట్ అయినట్టు. మొదటి చల్లదనాన్ని చూసి "అయిపోయింది, చల్లారింది" అనుకుని బ్రష్ తీసేసేవాళ్లు చాలామంది. అది తడి చల్లదనం. ఆ కుదురు పది నిమిషాల్లో మాడుకు అతుక్కుంటుంది.

ఆవిడకు మార్చి చూపించిన పద్ధతి ఇది. ముందు టవల్‌తో అద్దాం, రుద్దలేదు. తర్వాత బ్రష్ లేకుండా, నాజిల్ కూడా లేకుండా, తల ముందుకు వంచి మధ్యస్థ వేడిలో వేళ్లతో కుదుళ్లను అటూ ఇటూ కదుపుతూ ముప్పాతిక వంతు పైగా ఆరబెట్టాం. పాపిడి కుడికీ ఎడమకీ మారుస్తూ ఆరబెట్టడం ముఖ్యం, ఎందుకంటే ఏళ్లుగా ఒకే వైపు పడుకున్న కుదుళ్లు ఆ వైపే ఆరాలని చూస్తాయి. రౌండ్ బ్రష్‌కు మిగలాల్సింది కొద్దిపాటి తడి మాత్రమే. నీళ్లు కారే జుట్టు మీద బ్రష్ పట్టుకుంటే చేతులు నొప్పెడతాయి, జుట్టు సాగి తెగుతుంది, తడి మీద అంత సేపూ వేడి పడుతుంది.

తర్వాత నాజిల్ తగిలించి, నడినెత్తి నుంచి మొదలుపెట్టాం. మిగతా జుట్టంతా క్లిప్పులతో పక్కకు పెట్టాం. పాయ వెడల్పు బ్రష్ పొడవును మించకూడదు, మందం బ్రష్ గొట్టం మందాన్ని మించకూడదు. నడినెత్తి పాయ వెనక్కి పడేది కాబట్టి దాన్ని పైకెత్తి, ఇంకాస్త నుదుటి వైపు వంచి పట్టుకున్నాం. ఏ వైపు పడాలో దానికి ఎదురు వైపు లాగడమే ఇక్కడ కిటుకు. బ్రష్‌ను పాయ అడుగువైపు, అంటే మాడు మీద ఆనే వైపు పెట్టి, కుదురు దాకా ఆనించి, కాస్త బిగువుగా పట్టాలి. కుదురు మీద గాలి ముందొక వైపు, ఆపై రెండో వైపు. నాజిల్ ఎప్పుడూ కుదురు నుంచి కొసల వైపు చూస్తుండాలి. ఎదురుగా కొడితే వెంట్రుక పైపొర లేచి గజిబిజి అవుతుంది. డ్రయర్‌ను ఒకచోట ఆపకుండా కదుపుతూ ఉండాలి.

కుదురు వేడి పట్టాక బ్రష్‌ను కొసల దాకా జరిపి, అక్కడి నుంచి కుదురు దాకా చుట్టుకుంటూ వచ్చాం. నాలుగైదు సెకన్లు వేడి గాలి, తర్వాత కూల్ షాట్ పదిహేను సెకన్ల దాకా. చల్లారిందని వేలికి తెలిశాక చుట్లు విప్పుకుంటూ బ్రష్ తీశాం, లాగలేదు. అంతసేపు బ్రష్ పట్టుకునే ఓపిక లేకపోతే, వేడిగా ఉన్న చుట్టను అలాగే బ్రష్ నుంచి జార్చి, కుదురు దగ్గర క్లిప్ పెట్టి వదిలేయొచ్చు, లేదా వెల్క్రో రోలర్ చుట్టొచ్చు. అది చల్లారేలోపు మీరు పక్క పాయ పని చూసుకోవచ్చు. నడినెత్తి, ముందువైపు, చెవుల పైభాగం ఇలా చేస్తే చాలు. మెడ దగ్గర కింది వరసలకు ఎత్తు అక్కర్లేదు, మామూలుగా ఆరబెట్టేయండి.

ఆవిడ డ్రయర్‌లో వేడి మధ్య మెట్టు దాటలేదు. కొత్త డ్రయర్ కొననవసరం రాలేదు. రిసెప్షన్‌లో దిగిన ఫొటో పంపించారు, నెత్తిమీద ఎత్తు అలాగే ఉంది.

దూరం గురించి ఒక్క మాట. 2011లో కొరియా పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో డ్రయర్‌ను 15 సెం.మీ. దూరంలో పెట్టినప్పుడు జుట్టు దగ్గర వేడి 47 డిగ్రీలు, 10 సెం.మీ.లో 61, 5 సెం.మీ.లో 95 డిగ్రీలు. దగ్గరయ్యే కొద్దీ వెంట్రుక పైపొర ఎక్కువ పాడైంది. తడి జుట్టును మరీ వేడి చేస్తే లోపలి నీళ్లు ఆవిరై వెంట్రుకలో బుడగలు కూడా పడతాయి, అక్కడే పుటుక్కున తెగుతుంది. అదే అధ్యయనం 15 సెం.మీ. దూరం నుంచి కదుపుతూ ఆరబెట్టడం వల్ల, దానంతట అది ఆరనివ్వడం కన్నా తక్కువ నష్టం జరిగిందని తేల్చింది. కాబట్టి డ్రయర్ ముట్టుకుంటేనే జుట్టు నాశనమని భయపెట్టే బంధువుల మాట పట్టించుకోకండి.

ఇక మిగతావి.

బ్రష్ ఎంత పెద్దదైతే అంత వాల్యూమ్ అన్నది తప్పు. పెద్ద బ్రష్ కుదురు దాకా చేరదు, పట్టు దొరకదు. భుజాల దాకా జుట్టుకు 38 నుంచి 45 మి.మీ. గొట్టం సరిపోతుంది. నెత్తి మీది పాయ 35 సెం.మీ. ఉందనుకుంటే 43 మి.మీ. బ్రష్‌కు రెండున్నర చుట్లు వస్తాయి, అది చాలు. మరీ చిన్నది తీసుకుంటే ఉంగరాలు పడతాయి, పైగా జుట్టు చిక్కుకుంటుంది.

జుట్టుకు రాసే నురగ, మూస్, ఎక్కువ రాస్తే ఎక్కువ సేపు నిలుస్తుందనేదీ అంతే. నిమ్మకాయంత చాలు, తడిగా ఉన్నప్పుడే కుదుళ్లకు. కండిషనర్, సీరమ్ మాత్రం కొసలకే. ముందు రోజు కొబ్బరినూనె పట్టించి ఒక్కసారి షాంపూ పెట్టి వచ్చి వాల్యూమ్ కావాలంటే నేను కూడా తేలేను, నూనె బరువుకు కుదురు లేవదు. రెండోసారి షాంపూ తప్పదు.

డ్రయర్ వల్ల తెల్లజుట్టు వస్తుందనడం వట్టి పుకారు. రంగు తయారయ్యేది మాడు లోపల, వెంట్రుక బయటికి రాకముందే.

జుట్టు రాలుతోందని భయపడేవాళ్ల మాట వేరు, వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కాన్పు అయిన మూడు నాలుగు నెలలకు గుప్పెళ్లతో రాలుతుంటే, అత్తగారు డ్రయర్‌ను దాచేశారని చెప్పుకుని ఏడ్చిన అమ్మాయిని నేను చూశాను. అమ్మా, కాన్పు తర్వాత అలా రాలడం మామూలే, చాలామందికి ఏడాదిలోపు సర్దుకుంటుంది. రాలిన వెంట్రుకను వెలుతురులో చూడండి. ఒక చివర చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది, డ్రయర్‌కు సంబంధం లేదు. బుడిపె లేని పొట్టి ముక్కలైతే తెగినవి, అప్పుడు మీ వేడినీ, బ్రష్ లాగే తీరునూ అనుమానించండి. ఏడాది దాటినా తగ్గకపోయినా, మాడు మచ్చలుగా కనిపిస్తున్నా చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి, పార్లర్‌కు కాదు.

చివరగా, ఎంత బాగా చేసినా ఇది శాశ్వతం కాదు. గాల్లోని తేమ కూడా నీళ్లే, ఆ బంధాలను మెల్లగా విప్పేస్తుంది. అందుకే హైదరాబాద్ ఎండాకాలంలో రెండో రోజుకూ ఉండే ఎత్తు, విశాఖ బీచ్ రోడ్డులో సాయంత్రానికి కూర్చుంటుంది. ఉక్కపోత రోజుల్లో ఫంక్షన్ ఉంటే ఉదయమే చేసుకుని వంటింట్లో చెమటలు పట్టించుకోకండి, బయల్దేరే ముందు చేసుకోండి. మర్నాడు కుదుళ్లు కాస్త కూర్చుంటే తలంతా మళ్లీ తడపనక్కర్లేదు. నడినెత్తి పాయల కుదుళ్ల మీద మాత్రం నీళ్లు సన్నగా స్ప్రే చేసి, మళ్లీ ఎదురు వైపు ఎత్తి ఆరబెట్టి, చల్లారే దాకా ఆగండి. ఐదు నిమిషాల పని.