ఎవరి తాలూకానో అడగని చోటు

శ్రీకాకుళం జిల్లాలో ఏ పల్లెలోనైనా కొత్త మనిషి ఆటో దిగితే రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్ళు వేసే మొదటి ప్రశ్న "ఎవరి తాలూకా బాబూ?" అనే, అంటే ఎవరింటి మనిషివని. జవాబు చెప్పేదాకా వదలరు. అదే పల్లె నుంచి హైదరాబాద్ వెళ్ళి స్థిరపడినవాళ్ళు సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పే మాట దీనికి సరిగ్గా తలకిందులు: "మూడేళ్ళయింది, పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలీదు. పట్నం వాళ్ళకి మనసుండదు."

ఈ ఫిర్యాదుకు నూట ఇరవై ఏళ్ళు దాటాయి. దీన్ని శాస్త్రంగా పట్టుకుని వివరించిన తొలివారిలో ఒకడు గియోర్గ్ సిమ్మెల్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త. 1903లో డ్రెస్డెన్‌లో నగరాల ప్రదర్శన జరిగింది. ఆ సందర్భంగా ఏర్పాటైన ఉపన్యాసాల్లో మహానగరం మనిషి మనసును ఏం చేస్తుందన్న విషయం మీద ఆయన మాట్లాడాడు. సిమ్మెల్ బెర్లిన్ నడిబొడ్డున పుట్టి పెరిగినవాడు. 1871లో ఎనిమిది లక్షలున్న ఆ నగర జనాభా, ఆయన మాట్లాడేనాటికి పంతొమ్మిది లక్షలకు చేరింది. అందుకే ఆయనది బయటి నుంచి వచ్చినవాడు తిట్టిపోసిన మాట కాదు, లోపలివాడు చూసి చెప్పిన మాట.

ఆయన చెప్పిన కారణాలు రెండు. ఒకటి నరాలది. నగరంలో కంటికి, చెవికి ప్రతి క్షణం కొత్తది తగులుతూనే ఉంటుంది. ప్రతిదానికీ మనసు కదిలితే మనిషి తట్టుకోలేడు. కొంతకాలానికి మనసు మొద్దుబారుతుంది. వస్తువుల మధ్య తేడాలు కనిపించకపోవడం కాదు, కనిపించినా పట్టకపోవడం. రెండోది డబ్బుది. అన్నిటికీ ధర కట్టే చోట 'ఇది ఎలాంటిది' అన్న ప్రశ్న పోయి 'ఇది ఎంత' అన్నదే మిగులుతుంది. పల్లెలో పాలు పోసే మనిషి తెలుసు, ఆమె ఇంటి కష్టమూ తెలుసు. నగరంలో పాల ప్యాకెట్ మాత్రమే తెలుసు. కాబట్టి అంటీముట్టనట్టు ఉండటం నగరవాసి పొగరు కాదు, తనను తాను కాపాడుకునే కవచం.

ఆ తర్వాత ఆయన రాసిన ఇంకో గమనిక నాకు ఇంకా ఇష్టం. పందొమ్మిదో శతాబ్దంలో బస్సులు, రైళ్ళు, ట్రాములు వచ్చే ముందు, మనుషులు ఒకరికొకరు ఎదురుగా గంటల తరబడి మాట్లాడకుండా కూర్చోవాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదంటాడు. విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో మాత్రం ఆయన మాట చెల్లదు. పలాసలో ఎక్కినవాళ్ళు ఆమదాలవలస వచ్చేసరికే చుట్టరికాలు కలిపేసుకుంటారు.

సిమ్మెల్ ఉపన్యాసాలను బెర్లిన్‌లో విన్న అమెరికన్ రాబర్ట్ పార్క్ తర్వాత షికాగో విశ్వవిద్యాలయంలో చేరాడు. 1890లో పదకొండు లక్షలున్న షికాగో 1930కి ముప్పైనాలుగు లక్షలకు చేరువైంది. ఆ వలసల నగరంలో కూర్చుని పార్క్ శిష్యుడు లూయీ విర్త్ 1938లో ఒక సూత్రం చెప్పాడు: జనం ఎక్కువ, ఇరుకు ఎక్కువ, రకరకాలవాళ్ళు ఎక్కువ అయితే బంధాలు పలచబడతాయి. కండక్టర్ మనకు కండక్టర్‌గానే తెలుస్తాడు, మనిషిగా కాదు.

ఈ సూత్రం మీద ఒక గట్టి దెబ్బ 1962లో పడింది. హెర్బర్ట్ గాన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త బోస్టన్‌లో ఇటలీ మూలాలున్నవారి పేటలో కొన్ని నెలలు కాపురముండి చూస్తే, అక్కడ నగరం మధ్యలో ఒక పల్లే కనిపించింది. చుట్టాల రాకపోకలు, కబుర్లు, ఒకరి సంగతి ఒకరికి తెలియడం, అన్నీ ఉన్నాయి. మనవాళ్ళ సంగతీ ఇంతే. మేస్త్రి వెంట చెన్నైకో హైదరాబాద్‌కో భవన నిర్మాణ పనికి వెళ్ళే విజయనగరం, శ్రీకాకుళం కూలీలు ఊరివాళ్ళతోనే రేకుల షెడ్డులో ఉంటారు, ఊరివాళ్ళతోనే వండుకుంటారు. వాళ్ళకు నగరంలో లేనిది మన అనుకునే మనిషి కాదు.

మరి పట్నం వాళ్ళు సాయం చేయరన్న మాట అబద్ధమా? 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనోవీస్ అనే యువతిని కత్తితో పొడిచి చంపితే, ముప్పైఎనిమిది మంది చూస్తూ ఊరుకున్నారని అక్కడి ప్రధాన పత్రిక రాసింది. ప్రపంచమంతా నమ్మింది. నిజానికి దాడిని కళ్ళారా చూసినవాళ్ళు బహు కొద్దిమంది. ఒక పొరుగావిడ కిందికి పరుగెత్తి వెళ్ళి ఆమెను ఒళ్ళోకి తీసుకుంది కూడా. ఆ కథనంలో తప్పులున్నాయని ఆ పత్రికే 2016లో ఒప్పుకుంది.

అంతకన్నా నమ్మదగినది మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1970లో తన వ్యాసంలో చెప్పిన చిన్న ప్రయోగం. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు విడివిడిగా వెళ్ళి ముక్కూమొహం తెలియని ఇళ్ళ తలుపు తట్టారు. స్నేహితుడి అడ్రసు పోయింది, ఒక్కసారి ఫోన్ చేసుకోనివ్వండి అని అడిగారు. అమ్మాయిలను చిన్న ఊళ్ళలో దాదాపు అన్ని ఇళ్ళవాళ్ళూ లోపలికి రానిచ్చారు, మన్‌హట్టన్‌లో నూటికి నలభై మందే. అబ్బాయిలకు రెండు చోట్లా తగ్గింది, నగరంలో మరీ తగ్గింది. మన్‌హట్టన్‌లో ఎక్కువమంది తలుపు తీయకుండానే, లోపలి నుంచి అరిచో కన్నంలోంచి చూసో జవాబిచ్చారు. మిల్‌గ్రామ్ దీన్ని మనసు మీద పడే బరువుతో వివరించాడు. కానీ ఆయనే దొంగల భయాన్నీ లెక్కలోకి తీసుకున్నాడు. ఆ భయం లేనిచోట తలుపు తెరుచుకునేదేమో మరి.

తర్వాత క్లాడ్ ఫిషర్ వంటి సామాజిక శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనలతో విషయం ఇంకాస్త తేటపడింది. నగరవాసికి సొంత స్నేహాలు తక్కువేం కావు. తెలిసిన పొరుగువాళ్ళ మీద నమ్మకమూ తగ్గదు. తగ్గేది బజారులో, బస్సులో ఎదురయ్యే తెలియనివాళ్ళ మీద నమ్మకమే.

ఇక్కడిదాకా చెప్పిన దూరం ఒక రకం. ఇంకో రకం ఉంది. 1925లో ఎమొరీ బొగార్డస్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త దానికి ఒక కొలబద్ద తయారు చేశాడు. ఫలానా వర్గం వాళ్ళతో పెళ్ళి సంబంధానికి ఒప్పుకుంటావా? స్నేహానికా? పక్కింట్లో ఉండటానికా? తోటి ఉద్యోగిగానా? ఇలా మెట్టు మెట్టుగా దిగుతూ అడుగుతుంది. ఈ కొలబద్దతో మన పల్లెను కొలిస్తే లెక్క తలకిందులవుతుంది. అక్కడ రైతుకూ దళితవాడ కూలీకీ ఒకరి తాతల పేర్లు ఒకరికి తెలుసు, పొద్దున లేస్తే ఒకే పొలంలో ఉంటారు, అయినా పై మెట్టు ఎక్కనివ్వరు. ఎవరి తాలూకా అన్న ప్రశ్నలో ప్రేమ ఉంది, కానీ కులం కూపీ కూడా ఉంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని సంకుచితత్వపు మురికిగుంట అన్నది ఇందుకే. సిమ్మెల్ కూడా నగరం ఇచ్చే స్వేచ్ఛనూ, అదే గుంపులో పుట్టే ఒంటరితనాన్నీ పక్కపక్కనే చెప్పాడు. మన చర్చల్లో రెండోదే మిగిలింది. టీ దుకాణంలో అందరితోపాటు అదే గ్లాసులో తాగగలిగినవాడికి, ఎవరూ ఏమీ అడగకపోవడం లోటుగా తోచదు.

అయితే మన నగరాల్లో ఈ అడగకపోవడం రోడ్డు మీద ఉన్నంతవరకే. ఇల్లు అద్దెకు కావాలంటే పాత ప్రశ్న మళ్ళీ వస్తుంది: "ఇంటిపేరేంటండీ? నాన్‌వెజ్ తింటారా?" ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీలో, దాని పరిసరాల్లో అద్దె ఇళ్ళ కోసం రకరకాల పేర్లతో ఫోన్ చేయించి 2015లో ఫలితాలు ప్రచురించింది. అగ్రకులాల పేర్లకు తేలిగ్గా దొరికిన ఇళ్ళు దళితుల పేర్లకు, అంతకన్నా ఎక్కువగా ముస్లింల పేర్లకు అంత తేలిగ్గా దొరకలేదు. ఫోన్ చేసినవాళ్ళను ఆ ఇంటి ఓనర్లు చూడనైనా చూడలేదు.