దశాంశం తర్వాత ఎన్ని అంకెలు? అక్షాంశ రేఖాంశాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: దశాంశం తర్వాత రెండు మూడు అంకెలు ఉంటే చాలు, ఇల్లు దొరికిపోతుంది.

వాస్తవం: విజయవాడ దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 110.7 కిలోమీటర్లు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి కాబట్టి, ఒక డిగ్రీ రేఖాంశం ఇక్కడ కొంచెం తక్కువగా 106.8 కిలోమీటర్లు ఉంటుంది. దశాంశం తర్వాత ఒక్కో అంకె చేరినప్పుడల్లా ఈ దూరం పదో వంతుకు తగ్గుతుంది. అంటే మొదటి అంకె 11 కిలోమీటర్లతో ఊరిని చూపుతుంది, రెండోది కిలోమీటరుతో పేటను, మూడోది వంద మీటర్ల పైచిలుకుతో వీధిని, నాలుగోది 11 మీటర్లతో ఇంటిని చూపుతాయి. గుమ్మం దాకా వెళ్లాలంటే సుమారు ఒక మీటరును చెప్పే ఐదో అంకె కావాలి.

వన్‌టౌన్‌లో ఒక దుకాణం గుమ్మం `16.51748, 80.61596` దగ్గర ఉందనుకుందాం. దీన్ని ఒక అంకెకు సవరించి, అంటే దగ్గరి విలువకు మార్చి, `16.5, 80.6` అని రాస్తే గుర్తు రెండున్నర కిలోమీటర్లకు పైగా నైరుతికి జరుగుతుంది. రెండంకెలకు సవరిస్తే అర కిలోమీటరు, మూడంకెలకు సవరిస్తే 53 మీటర్లు, నాలుగంకెలకు సవరిస్తే 5 మీటర్లు తప్పుతుంది. వన్‌టౌన్ ఇరుకు సందుల్లో 53 మీటర్లంటే పక్క వీధి కావచ్చు.

అపోహ: చివరి అంకెలను కొట్టేసినా, సవరించి రాసినా ఒకటే.

వాస్తవం: ఒకటి కాదు. అదే దుకాణానికి మూడంకెల తర్వాతివి కొట్టేస్తే `16.517, 80.615` మిగులుతుంది, తప్పు 53 నుంచి 115 మీటర్లకు పెరుగుతుంది. పైగా మన దేశంలో అంకెలను కొట్టేస్తే గుర్తు దక్షిణానికే, పడమరకే జరుగుతుంది కనుక, దుకాణాల పట్టికలోని గుర్తులన్నీ నైరుతికే ఒరిగి కనిపిస్తే నేను ముందు అనుమానించేది దీన్నే.

అపోహ: ఫోను ఎనిమిది అంకెలు చూపుతోంది కాబట్టి కొలత మిల్లీమీటర్ల దాకా కచ్చితం.

వాస్తవం: అంకెల సంఖ్య రాతలోని సూక్ష్మతను చెబుతుందే తప్ప కొలతలోని కచ్చితత్వాన్ని చెప్పదు. ఆకాశం తెరిచి ఉన్న చోట మామూలు ఫోను సుమారు 5 మీటర్ల లోపు చూపగలదు, ఎత్తయిన భవనాల మధ్య సంకేతాలు గోడలకు తగిలి వస్తాయి కాబట్టి తప్పు ఇంకా పెరుగుతుంది. మ్యాపులో నీలి చుక్క చుట్టూ కనిపించే లేత వృత్తం చిన్నదయ్యే దాకా ఆగి, ఆ తర్వాత ఐదంకెలు నమోదు చేయడం సరైన పద్ధతి. ఆరో అంకె ఉంచినా నష్టం లేదు, కానీ అది చెప్పే 11 సెంటీమీటర్లను ఆ ఫోను కొలవలేదు.

పట్టికలో పక్కపక్క దుకాణాలన్నీ ఒకే అక్షాంశ రేఖాంశాలతో ఉంటే అంకెలు ఎక్కడో తెగిపోయాయని అర్థం. చివర సున్నాలు చేర్చినంత మాత్రాన అవి తిరిగి రావు, అసలు నమోదును తెప్పించుకోవాలి, అది లేకపోతే ఆ గుమ్మాల దగ్గరకు మళ్లీ వెళ్లి కొలవాలి.