గాజు పలక దాచిన వంకర

కూకట్‌పల్లిలో ఇంట్లోనే త్రీడీ ప్రింటర్ నడుపుకునే మిత్రుడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, గాజు తీసేసి మాగ్నెట్ ప్లేట్ వేసిన. మొదటి పొర అంచుల్లో బాగనే ఉంది, మధ్యలో అంటుకుంటలేదు. డూప్లికేట్ ప్లేటేమో?" ప్లేటు మంచిదే. ఇన్నాళ్లూ గాజు కింద ఏం దాగి ఉందో చూడలేదంతే.

చవక ప్రింటర్లలో వస్తువు రూపుదిద్దుకునే బెడ్ అంటే పలుచటి అల్యూమినియం రేకు. నాలుగు మూలలా స్ప్రింగుల మీద బిగించి, అడుగు నుంచి వేడి చేస్తారు. వేడికి అది వంగుతుంది, చాలాసార్లు మధ్యలో పళ్లెంలా దిగుతుంది. 2005లో రెప్‌రాప్ అనే త్రీడీ ప్రింటర్ ప్రాజెక్టు మొదలైన తర్వాతి ఏళ్లలో ఔత్సాహికులు దీనికి కనిపెట్టిన విరుగుడు మామూలు కిటికీ అద్దం. ఫ్లోట్ గ్లాస్‌ను కరిగిన తగరం మీద తేల్చి తయారు చేస్తారు కాబట్టి పుట్టుకతోనే చదునుగా ఉంటుంది. వీధి చివర ఫొటో ఫ్రేముల షాపులో ముక్క కోయించి, బైండర్ క్లిప్పులతో బిగిస్తే సరిపోయేది. 2013లో అల్టిమేకర్ 2 గాజు బెడ్‌తోనే వచ్చింది. 2020లో ఎండర్-3 వీ2 పూత పూసిన గాజుతో వచ్చింది.

అంటే గాజు వంకరను సరిచేయలేదు. దాని మీద వంతెనలా నిలబడింది.

ప్రింటయిన ముక్క ఊడిరావడంలోనూ గాజుకు ఒక సుగుణం ఉంది. బెడ్ చల్లారితే పీఎల్ఏ ప్లాస్టిక్ ఎక్కువగా ముడుచుకుంటుంది, గాజు ముడుచుకునేది చాలా తక్కువ. దాంతో ముక్క టప్‌మని దానంతటదే లేస్తుంది. కానీ మన ఊళ్లో ఇది కాలాన్ని బట్టి మారుతుంది. డిసెంబరులో 60 డిగ్రీల బెడ్ 25కి దిగితే, 100 మి.మీ. పొడవు ముక్కకూ గాజుకూ మధ్య సుమారు 0.2 మి.మీ. తేడా వస్తుంది. మే నెలలో ఏసీ లేని గదిలో బెడ్ 40 దగ్గరే ఆగిపోతుంది, తేడా 0.12 దాటదు. అప్పుడు ముక్క మొండికేస్తుంది, గరిటె అందుకుంటాం. పీఈటీజీ ప్లాస్టిక్ అయితే మరీ కష్టం. వట్టి గాజును ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, లాగితే గాజు పెంకు కూడా ఊడొస్తుంది. నా పలకకు గోరంత గుంట అలాగే పడింది. గ్లూ స్టిక్ పూసేది అంటుకోవడానికే అనుకుంటారు గానీ, పీఈటీజీ విషయంలో అది విడిపించడానికి కూడా.

2017లో ప్రూసా ఎంకే3 తెచ్చిన అయస్కాంత బెడ్ ఈ గరిటె గొడవను తీర్చింది. ప్లాస్టిక్‌ను పట్టి ఉంచే పీఈఐ పూత ఉన్న స్ప్రింగ్ స్టీల్ రేకును తీసి రెండు చేతులా వంచితే ముక్క ఊడి పడుతుంది. అయితే ఆ ప్రింటర్లో బెడ్ ఎత్తుపల్లాలు కొలిచే ప్రోబ్ కూడా ఉంది. పలుచటి రేకు బెడ్ వంకరను ఉన్నదున్నట్టు అనుసరిస్తుంది కాబట్టి, దానికి ప్రోబ్ తోడుండాలి. మా మిత్రుడు రేకు కొన్నాడు, తోడును మరిచాడు.

బెడ్‌ను 60 డిగ్రీలకు తెచ్చి, పావుగంట ఆగి, స్టీల్ స్కేలును దాని అంచు మీద నిలబెట్టి కింద సందులు కొలిచే ఫీలర్ గేజ్ దూర్చాం. మధ్యలో 0.3 మి.మీ. సందు. మొదటి పొర మందం 0.2 మాత్రమే. మూలల్లో సరిపెట్టిన, ప్లాస్టిక్ వదిలే నాజిల్ నడుమకొచ్చేసరికి 0.5 ఎత్తున ఉంటుంది, ప్లాస్టిక్ తీగ రేకును తాకి నొక్కుకోకుండా దారంలా పడుతుంది. స్ప్రింగులు తిప్పితే ఇది పోదు, అవి వంపును సరిచేయలేవు.

పిన్నుతో తాకి చూసే ప్రోబ్ పెట్టించాం. `G29`తో కొలిచి, `M500`తో దాచాం. అయినా మర్నాడు అదే గోల! ప్రింటర్‌ను నడిపే మార్లిన్ సాఫ్ట్‌వేర్‌లో, నాజిల్‌ను మొదటి స్థానానికి తెచ్చే `G28` మామూలుగా ఆ కొలతల వాడకాన్ని ఆపేస్తుంది, కాబట్టి మోడల్‌ను ప్రింటర్ ఆదేశాలుగా మార్చే స్లైసర్ స్టార్ట్ కోడ్‌లో ఈ వరస ఉండాలి:

```
G28
M420 S1
```

`M420 S1` దాచిన కొలతలను మళ్లీ అమల్లోకి తెస్తుంది. దాంతో నడుమ కూడా అంటుకుంది.

ఇక పోషణ. పీఈఐకి చేతి జిడ్డే శత్రువు, వేలిముద్ర పడ్డచోట పొర లేస్తుంది. అంట్ల సబ్బుతో కడిగితే చాలు, కానీ బోరు నీళ్లు వాటంతటవే ఆరితే తెల్లటి మరకలు మిగులుతాయి, వెంటనే తుడవాలి. రేకు కింద ఫిలమెంట్ తునక ఇరుక్కుంటే పైన గుట్టలా లేస్తుంది, పెట్టేముందు అయస్కాంతం మీద అరచేత్తో ఒకసారి తడమాలి. నున్నటి పీఈఐకీ పీఈటీజీ అతుక్కుపోతుంది, గరుకు రకం మేలు. ఏబీఎస్‌ ప్లాస్టిక్ కోసం బెడ్‌ను 100 డిగ్రీలకు తీసుకెళ్లేవాళ్లు చూసి కొనాలి. చవక రబ్బరు మాగ్నెట్ షీట్లు 80 దాటితే పట్టు కోల్పోతాయి. గాజుకు ఆ బాధ లేదు, అడుగు భాగం అద్దంలా మెరిసే నేమ్‌ప్లేట్లకు నాకిప్పటికీ అదే ఇష్టం.

మిత్రుడు పాత గాజు పలకను పారేయలేదు. దాన్ని బెడ్ మీద అంచు మీద నిలబెట్టి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేస్తాడు. నడుమ వెలుతురు గీత ఎంత లావుగా కనిపిస్తే వంపు అంత.