యాంటీబయాటిక్‌కి భయపడతారు, ఫిట్స్ మందు సంగతి మాత్రం ఎవరూ అడగరు

అపోహ: యాంటీబయాటిక్ వాడితే గర్భనిరోధక మాత్ర పనిచేయదు.

వాస్తవం: పనిచేస్తుంది. అమోక్సిసిలిన్, అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్, మెట్రోనిడజోల్, వీటిలో ఏదీ మాత్ర బలాన్ని తగ్గించదు. యాంటీబయాటిక్స్‌లో ఆ పని చేసేవి క్షయకు వాడే రిఫాంపిసిన్, దాని కుటుంబానికే చెందిన రిఫాబ్యుటిన్ లాంటివి. అసలు పుకారు పుట్టింది కూడా అక్కడే. రిఫాంపిసిన్ వాడుతూ గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్న స్త్రీలకు నెలసరి మధ్యలో రక్తస్రావం అవుతోందని 1971లో జర్మనీ వైద్యులు రాశారు. ఆ తర్వాత ఆంపిసిలిన్ వాడినప్పుడు గర్భం వచ్చిందంటూ ఒకటీ అరా కేసులు బయటికొచ్చాయి. పేగుల్లో బ్యాక్టీరియా చనిపోతే మాత్రలోని ఈస్ట్రోజెన్ హార్మోన్ తిరిగి రక్తంలోకి చేరదన్న సిద్ధాంతం వాటికి తోడైంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రక్తంలో హార్మోన్లు కొలిచి చూస్తే, మామూలు యాంటీబయాటిక్స్‌తో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మరి యాంటీబయాటిక్ వాడిన నెలలో గర్భం వచ్చినవాళ్ల మాటేమిటి? జబ్బుగా ఉన్నప్పుడు వాంతులవుతాయి, మాత్ర మరిచిపోతాం. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. తీవ్రమైన వాంతులు, విరేచనాలు ఒక రోజు దాటితే మాత్ర మరిచిపోయినట్టే లెక్కగట్టి, దానికి చెప్పిన జాగ్రత్తలు పాటించాలి. తప్పు అక్కడుంటే నింద యాంటీబయాటిక్ మీద పడుతుంది. పాత కరపత్రాల్లో అచ్చైన హెచ్చరికను ఇప్పటికీ అలాగే అప్పజెప్పేవాళ్లున్నారు. విన్న మనిషి కంగారుపడి మాత్రే మానేస్తే, అప్పుడు గర్భం నిజంగానే వస్తుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. ఒకావిడ పంటి నొప్పికి రాసిన యాంటీబయాటిక్ తీసుకోవడానికి మా మందుల షాపుకు వచ్చి, ఈ వారం కండోమ్ కూడా వాడాలా అని భయంభయంగా అడిగారు. ఇంకేం మందులు వాడుతున్నారమ్మా అన్నాను. "ఫిట్స్ మాత్ర, అది ఎప్పట్నుంచో ఉన్నదేగా" అన్నారు. కార్బమజెపైన్, పూటకు 200 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు. నెలసరి మధ్యలో మరకలు కనిపిస్తున్నాయా అంటే, కొన్నాళ్లుగా ఉన్నాయి, వేడి చేసిందనుకున్నాను అన్నారు. యాంటీబయాటిక్ ఏమీ చేయదని చెప్పాను. ఆవిడ మాత్ర బలాన్ని తగ్గిస్తున్నది రోజూ వేసుకునే ఆ ఫిట్స్ మందు.

కార్బమజెపైన్ కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైములను పెంచుతుంది. దాంతో మాత్రలోని రెండు హార్మోన్లూ త్వరగా ఖర్చైపోతాయి. మాత్ర వేళకే వేసుకున్నా అండం విడుదల కావచ్చు. మరకలు దానికి ఒక సూచన మాత్రమే. మరకలు లేనంత మాత్రాన మాత్ర పనిచేస్తోందని అనుకోకూడదు. మందు ఆపినా ఎంజైములు వెంటనే తగ్గవు, ఇంకో నాలుగు వారాలు జాగ్రత్త తప్పదు.

ఫెనిటోయిన్, ఫెనోబార్బిటోన్, ప్రిమిడోన్, ఆక్స్‌కార్బజెపైన్ కూడా ఇదే పని చేస్తాయి. టోపిరమేట్ ప్రభావం మోతాదును బట్టి ఉంటుంది, రోజుకు 200 మిల్లీగ్రాములు, ఆపైన అయితే ఎక్కువ. దీన్ని మైగ్రేన్‌కీ, కార్బమజెపైన్‌ను ముఖ నరాల నొప్పికీ రాస్తారు కాబట్టి, నాకు ఫిట్స్ లేవుగా అని వదిలేయకండి. లెవెటిరాసెటమ్, గాబాపెంటిన్ గర్భనిరోధక మాత్ర జోలికి రావు. వాల్‌ప్రోయేట్ కూడా రాదు, కానీ అది కడుపులో బిడ్డకు తీవ్రమైన హాని చేయగలదు కాబట్టి దానితో నమ్మకమైన గర్భనిరోధకం ఉండి తీరాలి. లామోట్రిజిన్ విషయంలో కథ తిరగబడుతుంది. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రే దాని స్థాయిని సగం వరకు తగ్గించి ఫిట్స్ తిరిగి తెప్పించవచ్చు. అందుకే మాత్ర మొదలుపెట్టేముందూ, మానేసేముందూ నరాల డాక్టరుకు చెప్పాలి.

ఆవిడకు మొదట చెప్పింది, ఫిట్స్ మందు మీ అంతట మీరు ఆపొద్దని. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదముంది. మార్చాల్సింది గర్భనిరోధక పద్ధతి. కాపర్-టి, హార్మోన్ లూప్, మూడు నెలల ఇంజెక్షన్, ఈ మూడింటినీ ఈ మందులు దెబ్బతీయవు. చేతిలో పెట్టే ఇంప్లాంట్‌నూ, ప్రొజెస్టోజెన్ ఒక్కటే ఉన్న గర్భనిరోధక మాత్రలనూ మాత్రం దెబ్బతీస్తాయి. ఆవిడ గైనకాలజిస్టును కలిసి కాపర్-టి వేయించుకున్నారు, అప్పటిదాకా కండోమ్ వాడారు.

మిగతావి క్లుప్తంగా. కొన్ని హెచ్‌ఐవీ మందులు, ముఖ్యంగా ఎఫావిరెంజ్, నిద్రమత్తుకు రాసే మొడాఫినిల్, దిగులుకని వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక కూడా మాత్రను బలహీనపరుస్తాయి. మూలికే కదా అని డాక్టరుకు చెప్పకుండా ఉండొద్దు. ఈ ఎంజైములు పెంచే మందులు వాడేవాళ్లకు, రక్షణ లేని కలయిక తర్వాత వేసుకునే అత్యవసర మాత్ర కూడా మామూలు మోతాదులో సరిపోకపోవచ్చు. ఆ పరిస్థితి వస్తే ఐదు రోజుల్లోపు కాపర్-టి వేయించుకోవడమే నమ్మదగిన దారి, డాక్టరును ఆ రోజే కలవండి.