గిరాకీ ఒకటే, ఆర్డర్లు మూడు

మెమరీ చిప్పుల ధరలు ఎగబాకడంతో పాత తగవు మళ్లీ రాజుకుంది. చేతిలో ఉన్న ఆర్డర్లన్నీ నిజమైన గిరాకీయేనా? సరఫరా గొలుసుల్లో అసలు గిరాకీ కన్నా ఆర్డర్లు ఉబ్బిపోవడాన్ని కొరడా ప్రభావం, అంటే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. పిడి దగ్గర చిన్న కదలిక కొసకు చేరేసరికి పెద్ద ఊపవుతుంది.

ఎవరూ తప్పు చేయకపోయినా ఇది జరుగుతుంది. ఒక దుకాణంలో వారానికి 100 పెట్టెలు అమ్ముడవుతాయి, రెండు వారాల సరుకు నిల్వ ఉంటుంది. ఒక వారం 110 అమ్ముడయ్యాయి. అమ్మిన 110 తెప్పించుకోవాలి, నిల్వను 200 నుంచి 220కి పెంచుకోవాలి కాబట్టి దుకాణదారు 130 అడుగుతాడు. అదే లెక్కతో టోకు వ్యాపారి 190, ఫ్యాక్టరీ 370 ఆర్డర్ చేస్తాయి. మరుసటి వారం కూడా అమ్మకాలు 110 దగ్గరే నిలిచాయనుకుందాం. దుకాణదారు 110 మాత్రమే అడుగుతాడు, అప్పటికే నిల్వ పెంచుకున్న టోకు వ్యాపారి 70తో సరిపెట్టుకుంటాడు, ఫ్యాక్టరీ ఒక్కటీ కొనదు. కొనుగోలుదారు మాత్రం వెనకడుగు వేయనే లేదు.

కొరత భయం తోడైతే ఏమవుతుందో 2000-01లో సిస్కో చూసింది. నా దృష్టిలో అసలు మలుపు అదే. రౌటర్ల తయారీని ఆ సంస్థ ఎక్కువగా కాంట్రాక్టు ఫ్యాక్టరీలకు అప్పగించింది. 10,000 యూనిట్ల పని కోసం మూడు ఫ్యాక్టరీలు పోటీపడితే, విడిభాగాలు దొరకవేమోనన్న భయంతో మూడూ ముందే అడిగేవి. చిప్పుల కంపెనీకి అది 30,000 యూనిట్ల గిరాకీగా కనిపించేది. సరుకు ఆలస్యమవుతుందని తెలిసి రౌటర్లు కొనేవారు కూడా రెండు మూడు చోట్ల ఆర్డర్లు పెట్టారు. ముందు ఎవరిస్తే వారి దగ్గర తీసుకుని, మిగతావి రద్దు చేయవచ్చు కదా!

2001లో సిస్కో దాదాపు 220 కోట్ల డాలర్ల నిల్వలను నష్టంగా రాసుకుంది, వేలమందిని తొలగించింది. ఊహించని వేగంతో మార్కెట్ కుప్పకూలిందని యాజమాన్యం చెప్పింది. టెలికాం పతనం నిజమే. కానీ కొరత ఉన్నప్పుడు కొనేవారు కావలసినదానికన్నా ఎక్కువ అడుగుతారని, అది ఈ ప్రభావానికి ఒక కారణమని 1997లోనే స్టాన్‌ఫోర్డ్‌కు చెందిన హావ్ లీ బృందం రాసింది.

2021 చిప్పుల కొరతలో తైవాన్ చిప్పుల తయారీ సంస్థ టీఎస్‌ఎంసీ అప్పటి ఛైర్మన్ మార్క్ లియూ ఇంకో వైపు నుంచి చూశారు. ఫ్యాక్టరీల్లోకి వెళ్లే చిప్పులు ఎన్ని, వాటితో తయారై బయటికొచ్చే సరుకు ఎంత అని పోల్చి, మధ్యలో ఎవరో పోగేస్తున్నారని తేల్చారు. కార్ల కంపెనీలు మాత్రం తమ లైన్లు ఆగిపోతున్నాయని అంటూనే ఉన్నాయి. ఆ మాటా అబద్ధం కాదు, అన్ని రకాల చిప్పులూ ఒక్కటి కావు. రెండేళ్లలో గాలి తిరిగింది. 2023 మార్చిలో మెమరీ తయారీ సంస్థ మైక్రాన్ ఒక్క త్రైమాసికంలోనే 140 కోట్ల డాలర్లకు పైగా నిల్వల విలువను తగ్గించుకుంది.