ఆయిల్ ఇంజన్ బొమ్మలో ఆ అడ్డగీత ఎక్కడిది?

ఒకే కంప్రెషన్ రేషియో దగ్గర, అంటే లోపలి గాలిని అన్నే రెట్లు నొక్కినప్పుడు, పెట్రోల్ ఇంజన్ నడిచే ఆటో సైకిల్ సామర్థ్యం డీజిల్ ఇంజన్ నడిచే డీజిల్ సైకిల్ కన్నా ఎక్కువ. కాకినాడలో చదివినా భీమవరంలో చదివినా మెకానికల్ విద్యార్థి థర్మోడైనమిక్స్ పరీక్షలో ఈ వాక్యం రాయకుండా గట్టెక్కడు. మరి డెల్టా శివారు భూముల్లో, కాలువ నీరు ఎక్కని చోట డ్రెయిన్ నుంచి నీళ్లు తోడే రైతు గట్టు మీద ఏ ఇంజన్ పెడతాడు? డీజిల్‌దే పెడతాడు. చేపల చెరువుకు నీళ్లు పెట్టేవాళ్లూ అదే పెడతారు. తక్కువ ఆయిల్‌తో ఎక్కువ నీరు తోడుతుందని వాళ్లకు అనుభవంలో తెలుసు. పుస్తకం చెప్పేదీ నిజమే, గట్టు మీద జరిగేదీ నిజమే. ఈ రెండూ ఎలా పొసుగుతాయో తెలియాలంటే, సిలిండర్‌లో పీడనం, ఘనపరిమాణం ఎలా మారతాయో చూపే పీవీ డయాగ్రామ్‌లో డీజిల్‌కు పైన కనిపించే అడ్డగీత ఎందుకు వచ్చిందో తెలియాలి.

పీవీ డయాగ్రామ్‌ను మొదట గీసింది పుస్తకాలు కాదు, ఇంజన్లే. 1796 ప్రాంతంలో జేమ్స్ వాట్ దగ్గర పనిచేసిన జాన్ సదర్న్ ఆవిరి యంత్రానికి ఒక పెన్సిల్ బిగించాడు. సిలిండర్‌లో పీడనం పెరిగితే పెన్సిల్ పైకి లేచేది, పిస్టన్ కదిలితే కాగితం పక్కకు జరిగేది. ఒక చుట్టు తిరిగేసరికి కాగితం మీద మూసుకున్న బొమ్మ మిగిలేది. ఆ బొమ్మ లోపలి వైశాల్యమే గ్యాస్ పిస్టన్ మీద చేసిన నికర పని. 1834లో క్లాపేరాన్ ఇదే బొమ్మతో, వేడితో నడిచే యంత్రానికి సామర్థ్యం ఎంతవరకు సాధ్యమో చెప్పిన కార్నో ఆలోచనను వివరించాడు. అక్కడి నుంచి అది సిద్ధాంతంలో భాగమైంది.

1876లో నికొలస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజన్ తయారుచేశాడు. గ్యాసునూ గాలినీ కలిపి లోపలికి పీల్చి, నొక్కి, పిస్టన్ పైకొచ్చాక అంటిస్తాడు. మంట చాలా వేగంగా పాకుతుంది కాబట్టి పిస్టన్ పెద్దగా కదలకముందే పీడనం ఎగబాకుతుంది. బొమ్మలో అది నిలువు గీత. ఈ నాలుగు స్ట్రోకుల పద్ధతిని బో ద రోషా 1862లోనే రాసిపెట్టాడన్న కారణంతో 1886లో ఆటో పేటెంట్‌ను జర్మనీలో కొట్టేశారు. దాంతో ఎవరైనా ఇలాంటి ఇంజన్ చేసుకునే దారి తెరుచుకుంది.

ఆటో బొమ్మ నుంచి వచ్చే సూత్రం చిన్నది:

η = 1 − 1/r^0.4

ఇందులో r అంటే కంప్రెషన్ రేషియో. 0.4 అనేది గాలి విశిష్టోష్ణాల నిష్పత్తి γ = 1.4 అనుకోవడం వల్ల వచ్చింది. r పెంచితే సామర్థ్యం పెరుగుతుందని సూత్రం చెబుతోంది కదా, పెంచుకుంటూ పోతే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడే చిక్కు. పెట్రోల్ ఇంజన్‌లో నొక్కేది వట్టి గాలిని కాదు, ఇంధనం కలిసిన గాలిని. ఎక్కువ నొక్కితే వేడెక్కి, స్పార్క్ నుంచి మంట చేరేలోపే చివర మిగిలిన మిశ్రమం దానంతట అదే అంటుకుంటుంది. అదే నాకింగ్. ఇనుము మీద సుత్తితో కొట్టినట్టు టకటకా వినిపిస్తుంది, పట్టించుకోకుండా నడిపితే పిస్టన్ తల దెబ్బతింటుంది. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్ మీదకు మార్చే పంపుసెట్లు వాడినవాళ్లకు ఈ చిక్కు ఇంకా బాగా తెలుసు. కిరోసిన్ పెట్రోల్ కన్నా తేలిగ్గా నాక్ అవుతుంది కాబట్టి ఆ ఇంజన్లలో r మరీ తక్కువ ఉంచాలి. r = 5 వేసి చూడండి, సిద్ధాంతంలోనే సామర్థ్యం 47.5 శాతం దగ్గర ఆగిపోతుంది.

రుడాల్ఫ్ డీజిల్ ఈ అడ్డంకిని మొదట్లోనే పక్కకు తోశాడు. వట్టి గాలిని నొక్కాలి, ఇంధనాన్ని చివర్లో చిమ్మాలి. నొక్కేటప్పుడు లోపల ఇంధనమే లేకపోతే ముందుగా అంటుకోవడానికి ఏముంటుంది? కానీ ఆయన అసలు గురి అడ్డగీత కాదు. 1892లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు ఆయన మనసులో ఉన్నది సిద్ధాంతంలో అన్నిటికన్నా ఎక్కువ సామర్థ్యం ఇచ్చే కార్నో సైకిల్. ఇంధనాన్ని కొంచెం కొంచెంగా వదులుతూ, ఉష్ణోగ్రత పెరగకుండా మండించాలనుకున్నాడు. దానికి గాలిని 250 అట్మాస్ఫియర్ల దాకా నొక్కాలని లెక్క వేశాడు.

ఆ సైకిల్‌ను పీవీ కాగితం మీద గీస్తే లోపం వెంటనే కనబడుతుంది. నొక్కే గీత, వ్యాకోచించే గీత దాదాపు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి. బొమ్మ బాగా పొడవుగా ఉంటుంది కానీ సన్నగా ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ కాస్త వైశాల్యమే నికర పని. పైకి కిందికి మారే పీడనాలేమో భారీగా ఉంటాయి. బేరింగుల రాపిడి, రింగుల రాపిడి ఆ కాస్త పనినీ మింగేస్తాయి. సామర్థ్యం కాగితం మీద ఎంత గొప్పగా ఉన్నా షాఫ్ట్ మీదకు ఏమీ రాదు. ఇది గ్రహించాక డీజిల్ పీడనం బాగా తగ్గించి, ఉష్ణోగ్రత పెరగనిస్తూ పీడనం మాత్రం ఒకే స్థాయిలో ఉండేలా మండించే పద్ధతికి వచ్చాడు. అప్పట్లో ఇంధనాన్ని అధిక పీడనపు గాలితో ఊది సిలిండర్‌లోకి పంపేవారు. అలా నెమ్మదిగా ఊదడానికి ఈ పద్ధతి సరిగ్గా కుదిరింది. మనం పరీక్షలో గీసే అడ్డగీత అదే. 1897 ఫిబ్రవరిలో ఆగ్స్‌బర్గ్‌లో ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షించినప్పుడు ఆ ఇంజన్ 26.2 శాతం సామర్థ్యం చూపింది.

అంటే ఆ అడ్డగీత డీజిల్ గెలుపుకు కారణం కాదు. నిజానికి అది ఆయన చేసుకున్న సర్దుబాటు. అది ఎంత పొడవుంటే సామర్థ్యం అంత తగ్గుతుంది. ఇది లెక్కలో చూద్దాం. పెట్రోల్ ఇంజన్‌కు r = 9, డీజిల్‌కు r = 18 తీసుకుందాం. రెండిటిలోకీ వచ్చే గాలి 1 బార్, 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్.

డీజిల్‌లో నొక్కడం పూర్తయ్యేసరికి 57 బార్, 953 కెల్విన్. కటాఫ్ రేషియో 2 అనుకుందాం, అంటే మంట ఆగేసరికి లోపలి ఘనపరిమాణం రెట్టింపయింది. అప్పుడు ఉష్ణోగ్రత 1907 కెల్విన్, కిలో గాలికి ఇచ్చిన వేడి 958 కిలోజౌళ్లు. పెట్రోల్‌లో నొక్కాక 21.7 బార్, 722 కెల్విన్. దానికీ సరిగ్గా అంతే వేడి ఇస్తే 2057 కెల్విన్‌కు, దాదాపు 62 బార్‌కు ఎక్కుతుంది. గరిష్ఠ పీడనాలు చూశారా, 57, 62. సిలిండర్ హెడ్, బోల్టులు మోయాల్సిన భారం ఇంచుమించు ఒకటే. న్యాయమైన పోలిక ఇదేనని నా అభిప్రాయం. ఎందుకంటే ఒకే కంప్రెషన్ రేషియోతో రెండు ఇంజన్లనూ పోల్చితే, పెట్రోల్‌తో నడవలేని ఇంజన్‌నో, డీజిల్ అంటుకోవడం కష్టమైన ఇంజన్‌నో ఊహించుకున్నట్టు అవుతుంది.

ఇక ఎగ్జాస్ట్ చూడండి. వ్యాకోచం ముగిసేసరికి పెట్రోల్‌లో 854 కెల్విన్, డీజిల్‌లో 792. బయటికి పోయిన వేడి పెట్రోల్‌లో 398 కిలోజౌళ్లు, డీజిల్‌లో 353. సామర్థ్యాలు వరుసగా 58.5, 63.2 శాతం.

ఈ 63.2 ఎలా వచ్చిందో చూస్తే బొమ్మ పూర్తిగా అర్థమవుతుంది. డీజిల్‌లో మొదట పడిన ఇంధనపు బొట్టు పిస్టన్ పైన ఉండగానే మండింది, దాని వేడికి 18 రెట్ల వ్యాకోచం దొరికింది. ఆ బొట్టు వరకు సామర్థ్యం 68.5 శాతం, అంటే r = 18 ఉన్న ఆటో సైకిల్ ఎంతో అంత. చివరి బొట్టు మండేసరికి పిస్టన్ కొంత కిందికి పోయింది, దానికి మిగిలింది 9 రెట్ల వ్యాకోచమే. దాని సామర్థ్యం 58.5, అంటే మన పెట్రోల్ ఇంజన్‌తో సరిసమానం. ఈ రెండు కొసల మధ్య ఉన్న బొట్లన్నిటి సగటు 63.2. పుస్తకంలోని వాక్యం మొదటి బొట్టుకూ సగటుకూ ఉన్న తేడాను చెబుతోంది. గట్టు మీది రైతు అనుభవం, డీజిల్‌లోని ఆఖరి బొట్టు కూడా పెట్రోల్‌లోని బొట్టుకు తీసిపోదని చెబుతోంది.

లోడ్ తగ్గినప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. ఇంజన్ మీద పంపు భారం తగ్గిందనుకోండి. డీజిల్ గవర్నర్ ఇంధనం తగ్గిస్తుంది, గాలిని ముట్టుకోదు. అడ్డగీత పొట్టిదవుతుంది. కటాఫ్ 2 నుంచి 1.5కు తగ్గితే సైకిల్ సామర్థ్యం 65.6 శాతానికి పెరుగుతుంది. పెట్రోల్ ఇంజన్‌లో గవర్నర్ త్రాటిల్ మూస్తుంది. పీల్చే స్ట్రోక్‌లో సిలిండర్ పీడనం 0.5 బార్‌కు పడిపోయి, వదిలే స్ట్రోక్ 1 బార్ దగ్గరే ఉంటే, బొమ్మ కింది భాగంలో మరో చిన్న ఉచ్చు ఏర్పడుతుంది. అది తిరిగే దిశ ఉల్టా కాబట్టి ఆ వైశాల్యాన్ని తీసేయాలి. పై ఉచ్చు సగటు పీడనం 4 బార్ అయితే అందులో ఎనిమిదో వంతు కేవలం గాలి పీల్చడానికే పోయిందన్నమాట. రాపిడి మాత్రం లోడ్‌తో పాటు తగ్గదు కాబట్టి షాఫ్ట్ దగ్గర కొలిచే సామర్థ్యం రెండిటిలోనూ పడిపోతుంది. డీజిల్‌లో తక్కువ పడుతుంది, అంతే.

ఇప్పటి ఆయిల్ ఇంజన్ అసలు బొమ్మ తీస్తే పైభాగం అంత చదునుగా ఉండదు. గాలితో ఊదే పద్ధతి పోయింది. 1927 నుంచి బాష్ పంపులు పెద్దఎత్తున తయారయ్యాక ఇంధనాన్ని నేరుగా నాజిల్ ద్వారా కొట్టడం మామూలైంది. చిమ్మిన ఇంధనం అంటుకోవడానికి క్షణకాలం తీసుకుంటుంది. ఆలోగా పోగుపడినదంతా ఒక్కసారి భగ్గుమంటుంది, ఆ తర్వాత పడేది నెమ్మదిగా మండుతుంది. అందుకే మొదట కొంత నిలువుగా, తర్వాత కొంత అడ్డంగా ఉంటుంది. సిలబస్‌లో ఈ రెండు గీతలూ కలిసిన డ్యూయల్ సైకిల్ ఉన్నది అందుకే.

ఇంజన్ జబ్బు కూడా ఈ బొమ్మలోనే దొరుకుతుంది. రింగులు అరిగితే నొక్కే గీత కిందికి దిగుతుంది. 57 బార్ రావాల్సిన చోట 40 కూడా రాకపోవచ్చు. గాలి తగినంత వేడెక్కదు, డీకంప్రెషన్ లీవర్ వదిలాక ఎంత హ్యాండిల్ తిప్పినా తెల్లపొగ వస్తుంది కానీ అంటుకోదు. ఇంధనం ఆలస్యంగా పడుతుంటే నొక్కే గీత బాగానే ఉంటుంది కానీ పై శిఖరం పొట్టిగా, గుండ్రంగా మారి కుడివైపుకు జరుగుతుంది. ఆలస్యంగా మండిన ఇంధనానికి వ్యాకోచం తక్కువ మిగులుతుంది కాబట్టి ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, పొగ పెరుగుతుంది, పంపు నుంచి నీరు తగ్గుతుంది. మొదటిదానికి రింగులు మార్చాలి, రెండోదానికి ఇంధన పంపు టైమింగ్ సరిచేయాలి. పొగ ఒక్కటే చూసి నాజిల్ మార్చేసే ముందు హ్యాండిల్ తిప్పి కంప్రెషన్ ఎంత గట్టిగా తగులుతోందో చేత్తో చూసుకుంటే ఈ రెండిటిలో ఏదో అక్కడికక్కడే తేలిపోతుంది.